కారు నంబరు మీద గళ్ల డబ్బా

ఖాసింకి అసూయ పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. వీడియో మిక్సరు కొన్నాక పట్టుకుంది. నరసరావుపేటలో వాళ్ల స్టూడియో, నా టైలరింగు కొట్టు ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. మధ్యలో ఒక గుమ్మం, దానికొక కర్టెను. జాకెట్లకి కాజాలు కుడుతూ ఆ జబ్బు మొదలైన దగ్గర నుంచీ చూశాను కనుక ఇంత ధైర్యంగా చెప్తున్నాను. నా పేరు కృపామణి. నా సంగతి ఇక్కడ అక్కర్లేదు.

ఖాసిం వాళ్ల నాన్న అలీ సాహెబ్ పెళ్లిళ్లకి పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చేవాడు. ఊరేగింపులో లైటు నెత్తిన పెట్టుకుని నడిచిన కుర్ర ఖాసిమే పెద్దవాడై ఫోటో స్టూడియో పెట్టాడు. వీడియోలు వచ్చాక అందరికన్నా ముందు భుజానికెత్తుకునే కెమెరా కొన్నాడు. ఆ రోజుల్లో ఆయన పెళ్లి పందిట్లోకి వస్తుంటే పురోహితుడు కూడా పక్కకి జరిగేవాడు. కెమెరా బరువు భుజం మీద, గర్వం మెడ మీద పెట్టుకుని తిరిగాడు కొన్నేళ్లు. తప్పేం లేదు, కష్టపడ్డాడు, తిరిగాడు.

ఎనభై తొమ్మిదిలో మద్రాసు నుంచి మిక్సరు తెచ్చాడు. హార్మోనియం అంత పెట్టె, నిండా బొత్తాలు. రెండు బొమ్మలు కలుపుతుంది, ఒక బొమ్మ మీదికి ఇంకో బొమ్మని గుండ్రంగానో చదరంగానో తెస్తుంది, బొమ్మ మొత్తాన్ని గళ్లు గళ్లుగా విడగొడుతుంది. పెళ్లికూతురు పీటల మీదికి వస్తుంటే ముందు గళ్లుగా కనపడి, ఆ గళ్లు చిన్నవై చిన్నవై చివరికి అసలు పిల్ల కనపడేది. ఆ గళ్లు చూడటానికి జనం క్యాసెట్టు వెనక్కి తిప్పించుకునేవారు.

కానీ దాని ముందు కూర్చునే ఓపిక ఖాసింకి లేదు. పెళ్లిళ్ల కాలంలో ఇవాళ బొల్లాపల్లి, రేపు పెదకూరపాడు. అందుకని భార్య సయీదాని కూర్చోబెట్టాడు. "నేను చెప్పినట్టు బొత్తాలు నొక్కు చాలు" అన్నాడు. సయీదా మాచర్ల పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆయన చెప్పినట్టు నొక్కింది కొన్నాళ్లు. తర్వాత ఆయన చెప్పనివి నొక్కడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకి ఆయన చెప్పేవి వినడం మానేసింది. ఇదంతా ఏ గొడవా లేకుండా, వంటింట్లో డబ్బాలు సర్దుకున్నంత నెమ్మదిగా జరిగిపోయింది.

జనం ఊరుకుంటారా. "మిక్సింగు మీ ఆవిడే చేసేటట్టయితే మీకు ఇస్తాం" అన్నారు ఒకరు. "కెమెరాకి ఎవరొచ్చినా పర్లేదు గానీ పాటలు సయీదమ్మ వెయ్యాల" అన్నారు ఇంకొకరు. అన్నవాళ్లు ఏ దురుద్దేశంతోనూ అనలేదు. ఖాసిం నవ్వి తలూపేవాడు. వాళ్లు మెట్లు దిగగానే ఆ నవ్వు రాలిపోయేది. భార్య మంచి కూర వండితే మొగుడు పదిమందికి చెప్పుకుంటాడు. అదే భార్యకి తన పనిలో తనకన్నా పేరొస్తే మాత్రం ముద్ద దిగదు. ఖాసిం చెడ్డవాడు కాదు, తాగడు, చెయ్యెత్తడు. కానీ ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన జబ్బు తిరగబెట్టేది. అది దాచుకునే తెలివి కూడా లేదు. బొత్తాల మీద దుమ్ముందనో, టీ చల్లారిందనో, వైరు అడ్డంగా ఉందనో ఆమె మీద విసుక్కునేవాడు.

ఇలా ఉండగా వెంకటప్పయ్య గారి అబ్బాయి పెళ్లి వచ్చింది. ఆయన మిరపకాయల వ్యాపారం చేస్తాడు, మాట కూడా సరుకు లాంటిదే. పిల్లది మాచవరం. మగపెళ్లివారు ఒక కారు, వెనక వరసగా ట్రాక్టర్లు పెట్టుకుని ఇక్కణ్ణుంచి తరలివెళ్లారు. ఖాసిం జానీ జీపులో కారుకి ముందు వెళుతూ, వెనక తలుపు తీసి, కారుకేసి తిరిగి కూర్చుని వీడియో తీశాడు. జానీ జీపు డ్రైవరు, ఖాసింకి దూరపు చుట్టం. మాచవరం దారి ఆ రోజుల్లో ఎలా ఉండేదో వెళ్లినవాళ్ల నడుములకి తెలుసు. జీపు ఎగిరింది, కెమెరా ఎగిరింది, తెర మీద కారు కూడా ఎగిరింది.

ఆ జీపులోనే ఖాసిం జానీతో ఒక మాటన్నాడు. ఈ పెళ్లి క్యాసెట్టు ఇచ్చేశాక సయీదాని మిక్సరు ముందు నుంచి లేపేస్తానని, గుంటూరులో ఒక మనిషిని మాట్లాడానని, వచ్చే నెలలో తీసుకొస్తానని. జానీ ఆ మాట తన భార్యకి చెప్పాడు, ఆమె జాకెట్టు ఆది ఇవ్వడానికొచ్చి నాకు చెప్పింది. సయీదాకి చెబుదామని కర్టెను దాకా వెళ్లాను. ఆ పిల్ల చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని, పెదాలు బిగించి, తెర వైపు చూస్తూ మిక్సరు పుల్ల తిప్పుతోంది. ఆ గదిలో కూర్చున్నప్పుడే దాని మొహంలో వెలుగు ఉంటుంది. నాకు నోరు రాలేదు. నాకూ ఆ పిల్లని చూస్తే కొంచెం అసూయే, కుట్టు మిషను ముందు నా మొహం ఎప్పుడూ అట్లా ఉండదు. అయినా ఆ కుర్చీ పోతే దానికి మిగిలేది వెనక వీధిలో రెండు గదులు, అత్తగారు హజ్రా బీ సణుగుడు. నేను వెనక్కొచ్చి మిషను మీద కూర్చున్నాను.

పెళ్లయిన వారానికి వెంకటప్పయ్య గారు భార్య మహాలక్ష్మమ్మతో సహా స్టూడియోకి వచ్చారు. మొహాలు చూస్తే పెళ్లి చేసినవాళ్లలా లేరు.

"ఖాసిమూ, ఆ కారు వచ్చే బొమ్మ చూపించు" అన్నాడాయన.

సయీదా క్యాసెట్టు పెట్టింది. దుమ్ములో నుంచి తెల్ల అంబాసిడరు, బానెట్టు మీద పూల జడలు, పెళ్లికూతురు పెళ్లికొడుకు పేర్లు రాసిన అట్ట, ముందు సీట్లో పెళ్లికొడుకు, వెనక కొండచిలువలా ట్రాక్టర్లు. చూడముచ్చటగా ఉంది. కింద బంపరు మీద నల్ల పలకలో తెల్లటి అక్షరాలతో కారు నంబరు. పలక నిండా, సోకుగా తోకలు పెట్టి రాయించిన అంకెలు.

"అదే" అంది మహాలక్ష్మమ్మ. "అది కనపడకూడదు."

అసలు సంగతి ఇది. గుంటూరు నుంచి రావలసిన కారు దారిలో చెడిపోయింది. తరలివెళ్లే వేళకి కారు లేదు. అప్పుడు మహాలక్ష్మమ్మ అక్క మొగుడు, అంటే వెంకటప్పయ్య గారి తోడల్లుడు జానకిరామయ్య గారు తన కారు పంపాడు. సాయం చేశాడు, సంతోషించాలి కదా. కానీ ఆ తోడల్లుళ్లిద్దరూ పెళ్లయిన నాటి నుంచీ ఒకరి గోడ ఎత్తు ఒకరు కొలుచుకుంటూ బతుకుతున్నారు. ఒకాయన డాబా వేస్తే ఇంకొకాయన దాని మీద ఇంకో గది వేశాడు. ఆ కారు నంబరు పేటలో తెలియనివాళ్లు లేరు.

"రేపు ఈ క్యాసెట్టు మా చుట్టాలందరి ఇళ్లకీ పోద్ది" అంది మహాలక్ష్మమ్మ. "చూసినోళ్లల్లా ఏమంటారు? ఓహో, మా కారేనా అంటది మా అక్క. జీవితాంతం అంటది. నాకు తెలుసు దాని సంగతి. ఆ రోజు పలక మీద పూలదండ కట్టించా నేను. మొదటి గోతిలోనే పడిపోయింది ఆ పాడుది."

"ఆ ముక్క తీసేద్దాం" అన్నాడు ఖాసిం.

"తీసేస్తే ట్రాక్టర్లు ఏడ కనపడతాయి? ఇన్ని ట్రాక్టర్లు కట్టింది ఎందుకు?" అన్నాడు వెంకటప్పయ్య గారు. "పెళ్లికూతురి మీద గళ్లు వేస్తారు చూడు, ఆ గళ్లు నంబరు మీద వెయ్యి. నంబరు మీదే, ఇంకేడా ఒద్దు. వాడి కారని ఎవడు చెప్పగలడు, తెల్ల అంబాసిడర్లు చానా ఉన్నయి." లేచి తలుపు దగ్గర ఆగాడు. "మీ ఆవిడ చేత చేయించు. నువ్వు కెలకబాక."

అదీ ఆయన వేసిన చివరి పుల్ల. ఖాసిం మొహం కమిలిపోయింది. కారు లేక ఒకడి కడుపు మండుతుంటే, ఆ మంట ఇంకొకడి కడుపుకి అంటించి పోయాడు.

"ఇది నేను చేస్తా" అన్నాడు ఖాసిం, మెట్లు ఖాళీ అవగానే.

"మీ ఇష్టం" అంది సయీదా. కుర్చీలోంచి లేచి గోడ వారగా స్టూలు మీద కూర్చుంది.

ఆ పని ఎంత పెంటో నేను కళ్లారా చూశాను కనుక చెప్తాను. అసలు క్యాసెట్టు ఒక వీసీఆర్‌లో ఆడుతుంది. ఆ బొమ్మని మిక్సరు రెండు దారుల్లో తీసుకుంటుంది. ఒక దారిలో బొమ్మ ఉన్నది ఉన్నట్టు, రెండో దారిలో మొత్తం గళ్లు. ఆ గళ్ల బొమ్మలోంచి చిన్న చదరం ముక్కని మామూలు బొమ్మ మీద తెరిచినట్టు పెట్టాలి. ఆ చదరాన్నే వాళ్లు డబ్బా అంటారు. డబ్బాని అటూ ఇటూ పైకీ కిందికీ జరపడానికి కుడిచేతికి ఒక పుల్ల. డబ్బాని పెద్దది, చిన్నది చేయడానికి ఎడమచేతికి ఒక మీట. ఇట్లా తయారైన బొమ్మ రెండో వీసీఆర్‌లో ఎక్కుతుంది. కారు ఎంతసేపు కదిలితే అంతసేపు రెండు చేతులూ దాని వెంట పోవాలి. దగ్గరికొస్తే పలక పెద్దదవుతుంది, అప్పుడు మీట తోయాలి. నెమ్మదిగా ఆడించి చేద్దామంటే ఆ వీసీఆర్‌లో బొమ్మ నిండా గీతలొస్తాయి. ముక్కలుగా చేసి అతుకుదామంటే అతుకు దగ్గర బొమ్మ ఎగురుతుంది. ఒక్కచోట తప్పినా మొత్తం మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి.

ఖాసిం చేతులు రుద్దుకుని కూర్చున్నాడు. ముందుగా టీవీ సౌండు పూర్తిగా తగ్గించాడు. తన గొంతు తనకి నచ్చదు, పనికి సౌండెందుకు అనేవాడు. బొమ్మ నడిచింది. డబ్బా నంబరు మీద కూర్చుంది, బాగుంది అనుకునేలోగా జీపు గోతిలో పడింది. తెర మీద కారు పైకెగిరింది, డబ్బా కిందే ఉండిపోయింది. ఆయన పుల్ల పైకి తోసేసరికి కారు కిందికొచ్చేసింది. డబ్బా ఇప్పుడు అద్దం మీద, పెళ్లికొడుకు మెడకాయ మీద. మళ్లీ వెనక్కి తిప్పాడు. మళ్లీ అంతే. బొమ్మ కదిలాకే కన్ను చూస్తుంది, కన్ను చూశాకే చెయ్యి కదులుతుంది. ఈలోపు నంబరు బయటికొచ్చి అందరికీ నమస్కారం పెట్టి వెళ్తుంది.

మధ్యాహ్నం అయ్యేసరికి మిక్సరుని తిట్టాడు, తర్వాత వోల్టేజిని తిట్టాడు, ఆ తర్వాత మాచవరం దారిని తిట్టాడు. చివరికి తెలివిగా డబ్బాని పెద్దది చేశాడు. బంపరు, లైట్లు, పేర్ల అట్టలో సగం అన్నీ గళ్లలోకి పోయాయి. కారుకి ముక్కూ మూతీ లేకుండా పోయింది. అది తనకే నచ్చలేదు. డబ్బా కొంచెం తగ్గించి, దానికి తగ్గట్టు గళ్లు కూడా చిన్నవి చేసి, ఇంకోసారి ఎక్కించాడు. పర్లేదు అనిపించింది. సయీదా కళ్లు చికిలించి చూసింది.

"ఏం, మాట్లాడవేం?" అన్నాడు.

"నేను చూసింది చెబితే మీకు కోపం వస్తది" అంది.

ఆ క్యాసెట్టు తీసుకుని వెంకటప్పయ్య గారింటికి వెళ్లాడు. వచ్చాక మంచినీళ్లు కూడా తాగలేదు. జరిగింది తర్వాత తెలిసింది. మహాలక్ష్మమ్మ కొంచెం వెనక్కి జరిగి కళ్లు చికిలించి చూసి నంబరులో సగం అంకెలు చదివేసిందట. గళ్లు మరీ చిన్నవైతే అంతే, దగ్గరికి గళ్లు, దూరానికి అంకెలు. మిగతా సగం కోసం కష్టపడలేదు. గోతి దగ్గర బొమ్మని ఆపింది. డబ్బా కింద, నంబరు పైన, తోకలతో సహా. "మా అక్క ఇంట్లోనూ వీసీఆర్ ఉంది, దానికీ ఆపటం వచ్చు" అంది. పక్కనున్న వెంకటప్పయ్య గారు ఇంకొక్క మాట కలిపాడు. "నేను చెప్పానా, మీ ఆవిడ చేత చేయించమని."

మర్నాడు పొద్దున కొట్టు తీసేసరికి ఖాసిం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "మణక్కా, తనని చెయ్యమని నువ్వు చెప్పు" అన్నాడు. భార్యని అడగడానికి మధ్యలో నేను. ఒళ్లు మండింది.

"నీకు నోరుంది కదా" అన్నాను.

లోపలికి వెళ్లి ఏమన్నాడో ఏమో, వాళ్లు ఇంటి మాటలు ఉర్దూలో మాట్లాడుకుంటారు. కాసేపటికి సయీదా కర్టెను తీసి "అక్కా, రా, కూర్చో" అని పిలిచింది. ఎందుకు పిలిచిందో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడైతే సాక్షిగా పిలిచిందంటాను.

నేను స్టూలు మీద కూర్చున్నాను. ఖాసిం చేతులు కట్టుకుని గోడకానుకున్నాడు. తప్పు చేస్తే పట్టుకుందామన్నట్టు చూపు ఆమె చేతుల మీదే పెట్టాడు. సయీదా గళ్లు పెద్దవి చేసింది. వెనక్కి జరిగి, కళ్లు చికిలించి చూసింది. అంకెలు కనపడలేదు. డబ్బాని పలకకన్నా కొంచెం పెద్దదిగా ఉంచింది. క్యాసెట్టు వెనక్కి తిప్పింది. రెండో వీసీఆర్‌లో కొత్త క్యాసెట్టు పెట్టింది. అంతా అయ్యాక చెయ్యి చాపి టీవీ సౌండు పెంచింది.

"సౌండెందుకు? ఎట్లాగూ పాట వేస్తాం గదా" అన్నాడు ఖాసిం.

"నాకు కావాల" అంది.

బొమ్మ నడిచింది. జీపు ఇంజను మోత, గాలి, దూరంగా బాజాలు. డబ్బా నంబరు మీద కూర్చుంది. ఇంతలో జానీ గొంతు. "గొయ్యొస్తంది భాయ్!"

ఆ మాట వినగానే సయీదా వేళ్లు పుల్లని పైకి తోయడానికి సిద్ధమయ్యాయి. జీపు పడింది, తెర మీద కారు ఎగిరింది, డబ్బా దానితోపాటే ఎగిరింది, దానితోపాటే దిగింది. అంతటితో ఆగలేదు. కాస్త ఆగి పుల్లని ఈసారి కిందికి తీసింది. ఎందుకా అనుకున్నాను. జీపు పడిన గోతిలోనే వెనక వస్తున్న కారు కూడా పడి, మూతి కిందికి వంచి లేచింది. డబ్బా కూడా వంగి లేచింది.

ఖాసిం గోడ వదిలి ముందుకొచ్చాడు. నోరు తెరిచే ఉంది. పాపం, అంతసేపూ తను కళ్లతో వెంటపడ్డాడు. ఆ పిల్ల చెవులతో ముందు నడుస్తోంది. జీపు నడిపేవాడికి గొయ్యి ముందే కనపడుతుంది, వెనక్కి తిరిగి కూర్చున్నవాడికి కనపడదు, అందుకని జానీ అరుస్తాడు. ఆ అరుపు కెమెరా మైకులో పడుతుంది. ఇన్నేళ్లుగా పడుతూనే ఉంది. దాని మీద సన్నాయో పాటో వేసేస్తారు కనుక పెళ్లివాళ్లెవరూ వినరు. అసలు క్యాసెట్టు వినేది ఒక్క సయీదానే.

"ఎడం పక్కకి కోస్తన్నా" అంది జానీ గొంతు. డబ్బా తెర మీద కారుతో పాటు పక్కకి జరిగింది. "ఇంకో గొయ్యి!" డబ్బా ఎగిరి దిగింది, వంగి లేచింది.

తర్వాత కొంచెం దూరం దారి బాగుంది. ఇంజను మోత తగ్గింది. జానీ గొంతు నవ్వుతూ అడిగింది. "పేటలో అందరూ భాభీ మిక్సింగు, భాభీ మిక్సింగు అంటన్నారు గదా భాయ్. నీకెట్లా ఉంది?"

ఖాసిం చెయ్యి సౌండు బొత్తాం మీదికి పోయింది. సయీదా తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "ముట్టుకోమాకండి. ముందు ఇంకా గొయ్యుంది" అంది.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. టీవీలోంచి ఆయన గొంతే వచ్చింది. కెమెరా మైకు ఆయన నోటి దగ్గరే ఉంటుంది కనుక జానీ గొంతుకన్నా స్పష్టంగా.

"దానికేం తెలుసురా. నా బొమ్మ లేందే అది ఏం కలుపుద్ది? ఈ క్యాసెట్టు అయిపోనీ, ఆ కుర్చీలోంచి లేపి ఇంట్లో కూర్చోబెడతా. గుంటూరులో మనిషిని మాట్లాడా. దానికింకా చెప్పలా."

నేను సయీదా చేతుల వంక చూశాను. డబ్బా నంబరు మీద నుంచి ఇసుమంత కూడా కదల్లేదు. కారు దగ్గరికొస్తోంది, పలక పెద్దదవుతోంది, ఎడమచెయ్యి మీటని దానికి తగ్గట్టు తోస్తూనే ఉంది.

"పాపం భాయ్, బాధపడుద్దేమో" అంది జానీ గొంతు. వెంటనే "గొయ్యి, గొయ్యి!" అని అరిచింది. డబ్బా ఎగిరింది, దిగింది, వంగింది, లేచింది. మాచవరం వచ్చింది. కారు ఆగింది. సయీదా బొత్తాం నొక్కింది, రెండు వీసీఆర్‌లూ ఆగాయి.

ఖాసిం మొహంలో నెత్తురు చుక్క లేదు. జానీ ఆ ప్రశ్న అడగడం మొదటిసారి అయ్యుండదు, ఈ మనిషి అట్లాంటి జవాబు చెప్పడమూ మొదటిసారి అయ్యుండదు. అవన్నీ సయీదా వింటూనే ఉందని ఆయనకీ నాకూ ఒకేసారి తెలిసింది. ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని జీపులు, ఎన్ని మాటలు. అన్నీ ఆ పిల్ల చెవుల్లో పడ్డాయి, అన్నింటి మీదా సన్నాయి వేసి పెళ్లివాళ్లకి ఇచ్చింది. నేను చెప్పలేక కర్టెను దగ్గర నుంచి వెనక్కి తిరిగిన రోజు, హెడ్‌ఫోనులో ఆ మాటే వింటోందేమో. నాకు తల కొట్టేసినట్టయింది.

"దీని మీద మీ మాట ఉంచనా, పాట వెయ్యనా?" అని అడిగింది సయీదా.

అడిగిన తీరులో కోపం లేదు, వెటకారం లేదు. ఏ జాకెట్టుకి ఏ దారం అని నేను అడిగినట్టే అడిగింది. ఖాసిం గొంతు సవరించుకున్నాడు.

"పాట వెయ్యి" అన్నాడు చివరికి.

సాయంత్రం వెంకటప్పయ్య గారు, మహాలక్ష్మమ్మ వచ్చారు. ఖాసిం ముందు గదిలో ఉన్న టీవీలో క్యాసెట్టు పెట్టాడు. సన్నాయి మోగుతోంది, పూల అంబాసిడరు ఊగుకుంటూ వస్తోంది, దాని బంపరు మీద గళ్ల డబ్బా కారుతో పాటే పుట్టినట్టు ఉంది. మహాలక్ష్మమ్మ దగ్గర నుంచి చూసింది, దూరం నుంచి చూసింది, కళ్లు చికిలించింది. గోతుల దగ్గరల్లా ఆపి చూసింది. ఎక్కడా ఒక్క అంకె దొరకలేదు. ఆమె మొహం విచ్చుకుంది. అక్క మీద గెలిచిన మొహం అది, పెళ్లిలో కూడా అట్లా లేదు.

"శభాష్" అన్నాడు వెంకటప్పయ్య గారు. "ఏడా బయటపడలా. ఎవరు చేశారు ఇది?"

సయీదా లోపల మిక్సరు గదిలో ఉంది, ఆ గదికీ ఒక కర్టెను. నేను నా గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఖాసిం వాళ్లిద్దరి వంకా చూశాడు. పొద్దుటి నుంచీ అణిగి ఉన్న జబ్బు మళ్లీ లేచింది, మొహం మీద కనపడింది. ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. మెడ మీద గర్వం మళ్లీ వచ్చి కూర్చుంది.

"చానా కష్టమైంది లెండి. నేను కూర్చుని…" అని మొదలుపెట్టాడు.

కర్టెను వెనక టక్కుమని బొత్తాం నొక్కిన చప్పుడైంది. అసలు క్యాసెట్టు. జానీ గొంతు గది అదిరేట్టు అరిచింది.

"గొయ్యొస్తంది భాయ్!"

వెంకటప్పయ్య గారు ఉలిక్కిపడ్డాడు. "ఏందది?"

ఆ తర్వాత ఏ మాట వస్తుందో ఖాసింకీ, సయీదాకీ, నాకూ తెలుసు. ఖాసిం కర్టెను వైపు చూశాడు. అవతల ఇంజను మోత వినపడుతోంది, ఆగలేదు.

"మా ఆవిడ చేసింది" అన్నాడు గబగబా. "సయీదా చేసింది. మొత్తం తనే."

ఇంజను మోత అలాగే ఉంది. దారి బాగున్న చోటికి వస్తోంది.

"ఇక ముందు కూడా తనే చేస్తది" అన్నాడు ఖాసిం. "గుంటూరు నుంచి ఎవరూ రావట్లా."

గుంటూరు ఊసు ఎందుకొచ్చిందో అర్థంకాక భార్యాభర్తలిద్దరూ మొహాలు చూసుకున్నారు. కర్టెను వెనక క్యాసెట్టు ఆగింది.